భయపెట్టని కరపత్రం: హన్మకొండ కౌన్సెలింగ్ సెంటర్ ప్రకటన ఎట్లా మారింది

పాత కరపత్రం ఇట్లా ఉండేది. నల్లటి నేపథ్యం, మోకాళ్ళ మధ్య తల దాచుకున్న మనిషి నీడ. పైన ఎర్రటి పెద్ద అక్షరాలు: "మీరు డిప్రెషన్‌తో బాధపడుతున్నారా? నిర్లక్ష్యం చేస్తే ప్రాణాలకే ముప్పు!" దాని కింద రెండు వరుసల్లో లక్షణాల జాబితా. అడుగున పసుపు పట్టీలో "మందులు లేకుండా నూటికి నూరు శాతం పరిష్కారం. మీ వివరాలు అత్యంత రహస్యం."

ఇది హన్మకొండలో ఒక చిన్న కౌన్సెలింగ్ సెంటర్‌ది. ఒక క్లినికల్ సైకాలజిస్ట్, ఒక కౌన్సెలర్, ఫోన్లు ఎత్తే ఒక అమ్మాయి. డెంటల్ క్లినిక్, డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉన్న కాంప్లెక్స్‌లోనే మొదటి అంతస్తు. కరపత్రాలను పేపర్లలో పెట్టి పంచారు, ఫేస్‌బుక్‌లో అదే బొమ్మకు డబ్బులు పెట్టారు. ఫోన్లు రాలేదని కాదు, వచ్చాయి. ఫోన్ చేసినవాళ్ళు మెట్లెక్కి రాలేదు. ప్రకటన మార్చి రాయమని సైకాలజిస్ట్ మేడం కాపీరైటర్‌నైన నన్ను పిలిచింది అందుకే.

నేను ముందు అడిగింది రిసెప్షన్ రిజిస్టర్. అందులో పేరు, ఊరు, టైమ్ మాత్రమే ఉన్నాయి. ఫోన్లో మొదటి ప్రశ్న ఏమని అడుగుతున్నారని ఆ అమ్మాయిని అడిగితే టకటకా చెప్పింది. "మావాడికి తెల్వకుండ తీస్కరావొచ్చా అంటరు సార్. ఎన్ని రోజులల్ల తక్కువైతదని అడుగుతరు. కరెంటు పెడ్తరా అని ఒకామె అడిగింది. కొందరు ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ అనుకొని చేస్తరు." ఈ నాలుగు ముక్కల్లో నాకు కావలసిందంతా ఉంది. చదివినవాళ్ళు జబ్బు గురించి భయపడ్డారు, కానీ ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియలేదు. తెలియని చోట ఎవరి ఊహ వాళ్ళు నింపుకున్నారు. ఆ ఊహల్లో ఎర్రగడ్డ ఉంది, కరెంటు షాకు ఉంది, పోలీస్ స్టేషన్‌లో భార్యాభర్తలను కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ కూడా ఉంది.

భయం పెట్టే ప్రకటన పనిచేయదని నేను అనను. సిగరెట్ పెట్టె మీద, హెల్మెట్ హోర్డింగ్ మీద దానికి చోటుంది. అయితే భయపెట్టిన వెంటనే చదివేవాడికి చేతిలో ఒక పని పెట్టాలి, ఆ పని తనవల్ల అవుతుందన్న నమ్మకం కలగాలి. అది లేకపోతే మనిషి ప్రమాదాన్ని తప్పించుకోడు, ప్రకటనను తప్పించుకుంటాడు. హెల్మెట్ కొనడం ఎవరివల్లయినా అవుతుంది. "నేను డిప్రెషన్ మనిషిని" అని ఒప్పుకొని, నలుగురు తిరిగే సందులో ఒక బోర్డు కిందికి నడిచి వెళ్ళడం అంత తేలిక కాదు. పైగా ఆ లక్షణాల జాబితా చదివితే వరంగల్‌లో ఎవరికైనా ఐదారు తగులుతాయి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో నిద్ర సరిగ్గా పోయే కమీషన్ ఏజెంట్‌ను నాకు చూపించండి. బాగున్నవాడిని బెదిరించడం, బాగలేనివాడిని ఇంకా లోపలికి తరమడం, ఆ జాబితా చేసిన పని ఈ రెండే.

అందుకని మేడంతో ఒక నియమం పెట్టుకున్నాం. కొత్త కరపత్రంలో చదివేవాడి గురించి ఒక్క మాటా ఉండదు. గది గురించి ఉంటుంది. ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు, ఎంత ఫీజు, ఏం అడుగుతారు, ఏం అడగరు.

ఫేస్‌బుక్ వైపు నుంచి కూడా ఈ నియమమే కలిసివచ్చింది. చదివేవాడికి ఫలానా జబ్బు ఉందని చెప్పే, లేదా ఉన్నట్టు సూచించే ప్రకటనలను మెటా ఒప్పుకోదు. "మీకు డిప్రెషన్ ఉందా?" అన్న ప్రశ్న ఆ దెబ్బకే తిరిగి వస్తుంది. "కౌన్సెలింగ్ సేవలు ఇక్కడ దొరుకుతాయి" అంటే పేచీ లేదు. చాలామంది దీన్ని ఎట్లా దాటాలా అని తంటాలు పడతారు. నా లెక్కలో అది మంచి ఎడిటర్ చేసే పని.

ఇక మొదటి చర్చ, సానుభూతితోనే రాసే కొన్ని వాక్యాల మీద. మేడం ఒక కాగితం మీద రాసుకొని వచ్చింది: "కౌన్సెలింగ్‌కు వస్తే పిచ్చి ఉన్నట్టు కాదు." మంచి ఉద్దేశమే. కానీ కరపత్రాన్ని నాలుగు సెకన్లు చూసి పక్కన పడేసేవాడి కళ్ళకు అందులో రెండు మాటలే తగులుతాయి: కౌన్సెలింగ్, పిచ్చి. "కాదు" అన్నది చివర్లో ఉంది, అక్కడిదాకా కన్ను పోదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ వాక్యం ఒకరిని కాపాడటానికి ఇంకొకరిని గోడ అవతలికి నెడుతోంది. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న కొడుకును సాకుతున్న తల్లి అది చదివితే, సిగ్గుపడాల్సింది ఆమేనని మనమే ముద్ర వేసినట్టు. సిగ్గుపడొద్దు, మొహమాటపడొద్దు, నామోషీ కాదు అనే మాటలన్నీ ఈ బాపతే. సిగ్గు తగ్గించాలంటే కరపత్రంలో సిగ్గు ఊసే ఎత్తకూడదు. దంతవైద్యుడు బోర్డు మీద "సిగ్గుపడకుండా రండి" అని రాసుకోడు కదా.

"జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి పోమా?" అన్నది రెండోది. ఇది ప్రతి అవగాహన సభలో వినిపిస్తుంది. దీన్ని కొట్టేయడానికి కారణం చెప్పాలి. మానసిక సమస్యను మెదడు జబ్బుగానో, వంశపారంపర్యంగానో వివరిస్తే, జనం ఆ మనిషిని తప్పుపట్టడం కొంత తగ్గుతుంది. కానీ అతను ఎప్పటికీ మారడన్న నిరాశ పెరుగుతుంది, దగ్గరికి రానీయడం మాత్రం పెరగదు. వేర్వేరు దేశాల్లో చేసిన అధ్యయనాల్లో ఇది పదే పదే తేలింది. సంబంధం కుదుర్చుకునే ఇంట్లో "అది జబ్బేనట" అన్న మాటకు ఏం విలువ ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఇంకోటి, జ్వరం మూడు రోజుల్లో పోతుంది. అదే పోలిక పట్టుకొని వచ్చిన మనిషి రెండో వారం "ఇంకా తక్కువ కాలే" అని మానేస్తాడు.

అంకెల సంగతి కూడా అంతే. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో, దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్ళలో అత్యధికులకు చికిత్స అందడం లేదని చెప్పింది. కౌన్సెలర్‌కు అది పైన వేయాలని ఉంది. ఆఫీసర్లకు ఇచ్చే నివేదికలో అయితే వేయాల్సిందే. కరపత్రంలో మాత్రం "చాలామంది చికిత్సకు పోవడం లేదు" అంటే, పోకపోవడమే లోకరీతి అని చదివేవాడికి మనమే చెప్పినట్టవుతుంది. వచ్చేవాళ్ళు దేని గురించి మాట్లాడటానికి వస్తున్నారో చెప్పడం మేలు. అది మేడం తన ఫైళ్ళు చూసుకొని చెప్పింది, నేను కల్పించలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది "మందులు లేకుండా" అన్న మాట. పాత కరపత్రంలో బాగా అమ్ముడుపోయిన ముక్క అదే. మందులంటే జనానికి భయం, మత్తుగా పడుకోబెడతారని, జన్మంతా మింగాలని. దాన్ని తీసేస్తే ఫోన్లు తగ్గుతాయని కౌన్సెలర్ వాదన. మేడం చెప్పింది విన్నాక ఆయనే తగ్గాడు. సైకియాట్రిస్ట్ రాసిన మాత్రలు వాడుతున్న మనిషి ఈ కరపత్రం చూసి, మాత్రలు లేకుండానే నయమవుతుందని ఆపేస్తే? కొన్ని మందులను ఉన్నపళంగా ఆపితే ఇబ్బంది మళ్ళీ ముదురుతుంది, ఆపడం వల్లనే కొత్త బాధలూ వస్తాయి. పైగా క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయదు, రాసే అధికారం లేదు. తనకు లేని అధికారాన్ని గొప్పగా "మందులు లేకుండా" అని అమ్ముకుంటూ, పక్కనున్న సైకియాట్రిస్ట్‌ను, ఆయన దగ్గరికి పోయేవాళ్ళను చిన్నబుచ్చడం అది. చాలా తిప్పలు పడ్డాక నిలిచిన వాక్యాలు ఇవి: "మేం మాట్లాడతాం, మందులు రాసేది సైకియాట్రిస్టులు. మీకు అవి ఉపయోగపడతాయనిపిస్తే మీకే చెప్తాం, ఎవరిని కలవాలో కూడా చెప్తాం. ఇప్పటికే మందులు వాడుతుంటే ఆపకండి, వాడుతూనే రండి."

"నూటికి నూరు శాతం" సంగతికి చర్చే అక్కర్లేదు. ఆ మాట పక్కన ఆటో వెనక వశీకరణం స్టిక్కర్ గుర్తొస్తుంది.

"అత్యంత రహస్యం" కూడా ఆ కోవలోదే, గుప్త రోగాల గోడ రాతల భాష. రహస్యం అనగానే దాచాల్సింది ఏదో ఉందని అర్థం. కానీ గోప్యత మీద భరోసా ఇవ్వకుండా ఉండలేం, వచ్చేవాళ్ళ మొదటి దిగులే అది. "మీరు చెప్పింది ఎవ్వరికీ చెప్పం" అని రాద్దామంటే మేడం ఒప్పుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇస్తూనే, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మినహాయింపు పెట్టింది. నిలబెట్టుకోలేని మాట కాగితం మీద ఇస్తే, అవసరం పడ్డరోజు అదే ద్రోహంలా కనిపిస్తుంది. అట్లాగని ఆ మినహాయింపును కరపత్రంలో వివరిస్తే మళ్ళీ ప్రాణాపాయం, ముప్పు అన్న మాటలన్నీ తిరిగి వస్తాయి. ఈ ముడి విప్పింది మేడం రోజూ గదిలో చేసే పనే. ఆమె మొదటి భేటీలో ముందుగా చెప్పేదే అది. దాన్నే రాశాం: "ఏది మన మధ్యే ఉంటుందో, ఏది ఎప్పుడు బయటికి చెప్పాల్సి వస్తుందో, కూర్చోగానే ముందు అదే చెప్తాం. నచ్చితేనే మాట్లాడండి." ఇందులో అబద్ధం లేదు, బెదురూ లేదు.

చివరికి ప్రెస్‌కు పోయిన కరపత్రంలో ముఖ్యమైన పాఠం ఇది:

"మొదటిసారి వస్తే ఏం జరుగుతుంది?

రెండు కుర్చీలున్న గది. మీరు, ఒక సైకాలజిస్ట్. నలభై ఐదు నిమిషాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మేమే అడుగుతాం. చెప్పాలనిపించనిది చెప్పనక్కర్లేదు.

నిద్ర సరిగ్గా పట్టక, ఇంట్లో మాటామాటా పెరిగి, చదువు మీద మనసు నిలవక, డ్యూటీలో చికాకులతో, అయినవాళ్ళు పోయిన రంది తీరక మాట్లాడటానికి మా దగ్గరికి వస్తుంటారు. కొందరికి రెండు మూడు సార్లు చాలు. కొందరు కొన్ని నెలలు వస్తారు. మొదటిసారి మాట్లాడాక మీ సంగతి ఎట్లా ఉంటుందో చెప్తాం.

ఫీజు 600 రూపాయలు. ఫోన్ చేసి అడగడానికి డబ్బుల్లేవు, పేరు చెప్పనక్కర్లేదు."

దీని కింద పైన చెప్పిన గోప్యత మాట, మందుల మాట, పని వేళలు, మేడం పేరు, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు. పాతదాంట్లో ఇద్దరి పేర్ల ముందూ "డా." ఉండేది, "మానసిక వైద్య నిపుణులు" అని ఉండేది. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. అది మేడంకు ఉంది. కౌన్సెలర్ చదివింది ఎమ్మెస్సీ సైకాలజీ, ఆయన పేరు పక్కన అదే రాశాం. ఆయనకు కొంచెం కష్టమనిపించింది, అర్థం చేసుకున్నాడు.

అట్టడుగున ఇంకో లైను: "రాత్రిపూట గానీ సెలవురోజు గానీ మాట్లాడాలనిపిస్తే, టెలి మానస్ 14416. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో, 24 గంటలు." సొంత డబ్బులతో వేసే కరపత్రంలో ఉచిత సేవ నంబరు ఎందుకని కౌన్సెలర్ అడిగాడు. సాయంత్రం ఏడింటికి తాళం పడే సెంటర్ అది. ప్రకటన పేరుకు కౌన్సెలింగ్‌దైనా, అర్ధరాత్రి అది ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు. ఆ గంటలో మోగి మోగి ఆగిపోయే నంబరు ఒక్కటే ఇవ్వడం తప్పు. ఆత్మహత్య అన్న మాట లేకుండానే ఆ లైను అవసరమైనవాడికి అందుతుంది, మిగతావాళ్ళకు మామూలు సమాచారంలా కనిపిస్తుంది. టెలి మానస్ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, కాబట్టి నంబరు మారిపోతుందన్న బెంగ కూడా లేదు.

బొమ్మ విషయంలో నీడలు, వానచుక్కలు, పగిలిన అద్దం అన్నీ పోయాయి. నిజం గదినే ఫోటో తీశాం. రెండు కుర్చీలు, కిటికీ, నీళ్ళ బాటిల్. బల్ల మీద టిష్యూ డబ్బా ఉంటే తీసి పక్కన పెట్టించాను. అది ఉంటే ఇక్కడ ఏడవాల్సి వస్తుందని బొమ్మే చెప్పేస్తుంది. రెండో ఫోటో మెట్లది. డెంటల్ క్లినిక్ బోర్డు, ల్యాబ్ బోర్డు కూడా కనబడేట్టు తీశాం. దాని కింద "ల్యాబ్ పక్క మెట్లు, మొదటి అంతస్తు" అని దారి గుర్తు మాత్రమే రాశాం. ఆ మెట్లు ఎక్కేవాడు పన్ను పీకించుకోవడానికి పోతున్నాడో, షుగర్ టెస్టుకు పోతున్నాడో ఎవరికీ తెలియదన్నది చూసినవాళ్ళే తేల్చుకుంటారు.

కౌన్సెలింగ్‌తో బాగుపడ్డవాళ్ళ ఫోటోలు, మాటలు వేద్దామన్న ఆలోచన ఒకటి వచ్చి పోయింది. ఈరోజు సంతోషంగా ఒప్పుకున్న అమ్మాయికి మూడేళ్ళ తర్వాత పెళ్ళి సంబంధం వస్తే ఆ కాగితాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు?

ముద్రణకు ముందు ఒక పరీక్ష చేస్తాను. పేజీ చేతికిచ్చి, చదివాక తిరిగి తీసుకొని "ఇది ఎవరి కోసం?" అని అడగడం. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. పాత కరపత్రానికి ప్రెస్‌లో డీటీపీ చేసే తమ్ముడు చెప్పిన జవాబు "మైండ్ ఖరాబైనోళ్ళకు అన్నా." కొత్తది చదివి కాసేపు ఆగి, "మా బావకు ఇస్త, ఆయనకు నిద్ర పడ్తలేదు" అన్నాడు. ఇంకొకామె కాగితం తిరిగి ఇవ్వకుండా మడిచి పర్సులో పెట్టుకుంది, ఎవరి కోసమో చెప్పలేదు. నేను అడగలేదు. ఇదే పరీక్షలో ఒక లోపం బయటపడింది: "సైకాలజిస్ట్" అంటే మందులిచ్చే డాక్టరే అనుకున్నవాళ్ళు చాలామంది. అందుకే మందుల వాక్యం చిన్నక్షరాల్లోంచి పైకి వచ్చింది.

భాష విషయంలో ఒక మాట. మొత్తం మన యాసలోనే రాద్దామని కౌన్సెలర్‌కు ఉత్సాహం. ఆటో మైకులో చెప్పేదానికి సరే అన్నాను. కాగితం మీద మాత్రం యాస నిండా పరిస్తే ఎన్నికల ఫ్లెక్సీలా, లేదా మనల్ని చూసి ఎవరో నవ్వుతున్నట్టు ఉంటుంది. మామూలు తెలుగులో రాసి, రంది, డ్యూటీ లాంటి ఇంటి మాటలు అక్కడక్కడ ఉంచాం.

ప్రకటన కాగితం దగ్గరే ఆగదు, ఈ రంగంలో మరీనూ. సెంటర్ పేరులో "మానసిక" ఉంది. వాట్సాప్‌లో వచ్చే అపాయింట్‌మెంట్ మెసేజ్ మీద ఆ పేరే పడుతుంది. ఫోన్‌పేలో డబ్బులు కొడితే హిస్టరీలో అదే పేరు. మన ఇళ్ళల్లో ఫోన్ ఒక్కరి చేతిలో ఉండదు. పిల్లలు గేమ్ ఆడతారు, ఆయన ఓటీపీ చూస్తాడు. బోర్డు మీద పేరు అట్లాగే ఉంచి, వాట్సాప్ పేరునూ యూపీఐ పేరునూ ఏ రంగమో తెలియని పొట్టి పేరుకు మార్పించాం. మెసేజ్ పాఠం "రేపు సాయంత్రం 5 గంటలకు మీ అపాయింట్‌మెంట్. మార్చుకోవాలంటే ఇక్కడే రాయండి" అంతే. వెబ్‌సైట్ చూసిపోయినవాళ్ళను వెంటాడే ప్రకటనలు వద్దన్నాను. ఆరోగ్య సమస్యల విషయంలో గూగుల్ ఎట్లాగూ వాటిని ఒప్పుకోదు, మేం ఫేస్‌బుక్‌లోనూ పెట్టలేదు. భార్య చూసిన పేజీ తాలూకు ప్రకటన అదే ఫోన్లో భర్త రీల్స్ చూస్తుంటే వస్తే, గోప్యత గురించి కరపత్రంలో రాసిందంతా నీళ్ళపాలు.

ఫేస్‌బుక్ కామెంట్లు ఇంకో తలనొప్పి. "అరేయ్, నీకోసమే రా ఇది" అని ఫ్రెండ్‌ను ట్యాగ్ చేసే సరదారాయుళ్ళు ఉంటారు. వాటిని పొద్దున్నే దాచిపెట్టే పని రిసెప్షన్ అమ్మాయికి అప్పజెప్పాం. ఇట్లాంటి ప్రకటనకు లైకులు రావు, రావొద్దు కూడా. లైక్ కొడితే ఊరందరికీ తెలుస్తుంది కదా.

ఫలితం కొలవడానికి రిజిస్టర్‌లో "మొదటి ప్రశ్న" అని కొత్త గడి పెట్టించాం. భయపెట్టిన కరపత్రం పంచిన మొదటి రోజుల్లో వచ్చినన్ని ఫోన్లు దీనికి రాలేదు, అది నిజం. వచ్చిన ఫోన్ల తీరు మాత్రం మారింది. "ఎన్ని రోజులల్ల తక్కువైతది" బదులు "ఆరింటి తర్వాత ఉంటరా", "ఆదివారం తీస్తరా", "ఫీజు రెండుసార్లుగా ఇయ్యొచ్చా" అన్న ప్రశ్నలు గడిలో కనబడసాగాయి. టైమ్ అడిగేవాడు రావడానికి ముందే మనసులో ఒప్పుకున్నాడని అర్థం. "మా ఫ్రెండ్‌కు" అని మొదలుపెట్టేవాళ్ళు తగ్గి, "నాకు" అనేవాళ్ళు పెరిగారు. చెప్పి రానివాళ్ళు బాగా తగ్గారు. కరెంటు ప్రశ్న ఆగలేదు. పల్లెల నుంచి, ముఖ్యంగా పరకాల, నర్సంపేట వైపు ఆడవాళ్ళ నుంచి ఫోన్లు పెద్దగా రావడం లేదు. వాళ్ళకు పేపర్లో పెట్టిన కాగితం చేరదు, చేరినా ఒంటరిగా హన్మకొండ రావడానికి ఇంట్లో ఏదో ఒక కారణం చెప్పాలి. అది కాపీరైటర్ తీర్చగలిగే సమస్య కాదు. ఫోన్లోనే మాట్లాడే వేళలు పెట్టమన్నాను, మేడం ఆలోచిస్తోంది.

పత్తి రైతుల కోసం విడిగా ఒకటి రాయమని కూడా అడిగారు. వద్దన్నాను. అప్పు, అకాల వాన, మద్దతు ధర మాట్లాడితే తీరేవి కావు. ఆ బాధను మనసు జబ్బుగా చూపిస్తే రైతుకు కోపం వస్తుంది, రావాలి కూడా. పురుగుమందు డబ్బా బొమ్మతో ఎవరో తయారుచేసిన డిజైన్ ఒకటి చూపించారు. చనిపోయే పద్ధతిని చూపించడమే ప్రమాదమని మేడం దాన్ని అక్కడే చింపేసింది.

ఇప్పుడు ముందున్నది ఇంటర్ ఫలితాల కాలం. ఫలితాల రోజే కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వేద్దామన్నది సెంటర్ కోరిక. ఆ రోజు వార్తల నిండా పిల్లల చావులే ఉంటాయి, వాటి కిందే కౌన్సెలింగ్ ప్రకటన పరుగెడితే ఆ రెండూ ఒకటిగా కలిసిపోతాయి. వారం ముందు నుంచే, అదీ తల్లిదండ్రులకు, వేయమని చెప్పాను. రాసిచ్చిన లైను: "ఫలితాలు వచ్చిన రోజు పిల్లలతో ముందు అన్నం తినండి, మార్కుల ముచ్చట తర్వాత. ఎట్లా మాట్లాడాలో అడగాలనుకుంటే మాకు ఫోన్ చేయండి. రాత్రయితే 14416." స్క్రోలింగ్‌కు ఇది పొడుగైందని కేబుల్ ఆపరేటర్ అంటున్నాడు. మూడు ముక్కలు చేసి వేయమన్నాను, చివరి ముక్క మాత్రం కొట్టేయొద్దని గట్టిగా చెప్పాను.